ముప్పై ఒకటో లైనులో ఎనిమిది వేలు: ఒక రొయ్యల చెరువు కేస్ స్టడీ

నేను గోదావరి జిల్లాల్లో వనామి రొయ్యల చెరువులకు సలహాదారుగా పనిచేస్తాను. నీటి పరీక్షలు, మేత లెక్కలు, జబ్బులు నా పని. ఈ కేసులో జబ్బేమీ లేదు. సమస్య కనిపెట్టాల్సిన మనిషి సకాలంలోనే కనిపెట్టాడు, రాతపూర్వకంగా చెప్పాడు కూడా. డబ్బు ఇవ్వాల్సిన మనిషికి ఇచ్చే ఉద్దేశం ఉంది, డబ్బూ ఉంది. అయినా చెరువు దెబ్బతింది. కారణం వెతుక్కుంటూ పోతే ఒక వాట్సాప్ మెసేజ్ దగ్గర ఆగాం. ఎవరినీ గుర్తుపట్టకుండా ఊరు, చెరువుల వివరాలు కొన్ని మార్చాను. మెసేజ్‌ల సారం మాత్రం మార్చలేదు.

నేపథ్యం

ఆరు చెరువులు, ఒక్కోటి సుమారు ఎకరంన్నర. యజమాని పట్నంలో ఉంటారు. ఆయనకు రైస్ మిల్లు ఉంది, వేరే వ్యాపారాలూ ఉన్నాయి. వారానికి రెండుసార్లు చెరువుల దగ్గరికి వస్తారు. రోజువారీ పని అంతా సూపర్‌వైజర్ చూస్తాడు. ఆక్వాకల్చర్‌లో డిగ్రీ చేసిన కుర్రాడు, చాలా శ్రద్ధ ఉన్నవాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రతి చెరువులోనూ డీవో, అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ చూసి పుస్తకంలో రాస్తాడు. నేను చూసిన చాలా చెరువుల్లో ఆ పుస్తకం ఖాళీగానే ఉంటుంది.

మేత ఎంత వేయాలి, నీళ్లు ఎప్పుడు మార్చాలి అనేవి సూపర్‌వైజర్ నిర్ణయాలు. డబ్బుతో పడే పని ఏదైనా యజమాని చెప్పాలి. ఇందులో తప్పేమీ లేదు, మా ప్రాంతంలో ఎక్కువ చెరువులు ఇలాగే నడుస్తాయి. రోజూ సాయంత్రం ఏడింటికి సూపర్‌వైజర్ ఒక రిపోర్టు పెడతాడు. ఆ గ్రూపులో ఉండేది ముగ్గురం: యజమాని, అతను, నేను.

ఏం జరిగింది

నాలుగో చెరువు 68వ రోజు మీద ఉంది. రొయ్య 80 కౌంటుకి, అంటే కిలోకి ఎనభై తూగే సైజుకి దగ్గరగా వచ్చింది. చెరువులో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు నాలుగు తిరగాలి. లో వోల్టేజీకి రెండు మోటార్లు కాలిపోయి రెండే తిరుగుతున్నాయి. పైగా రెండు రోజులుగా మబ్బు. ఎండ ఉంటే నీటిలోని పచ్చదనం పగలంతా ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి దాన్నే మళ్లీ వాడుకుంటుంది. మబ్బు పట్టిన రోజు తయారీ తగ్గుతుంది, వాడకం మాత్రం తగ్గదు. అందుకే తెల్లవారుజామున డీవో బాగా పడిపోతుంది. మూడు రోజుల రీడింగులు వరసగా 4.6, 4.1, 3.5. మేము 4కి తగ్గకుండా చూసుకుంటాం. 3 దాటి కిందికి దిగితే రొయ్యకి ఊపిరి ఆడదు.

ఆ మూడో రోజు సాయంత్రం సూపర్‌వైజర్ పెట్టిన రిపోర్టు ఇది. మధ్యలో కొంత తీసేశాను.

> నమస్కారమండి. ఈ రోజు రిపోర్టు.
> 1వ చెరువు: 74వ రోజు. మేత 55 కేజీలు. నాలుగు చెక్ ట్రేలూ క్లీన్. పీహెచ్ ఉదయం 7.9, సాయంత్రం 8.4. డీవో 4.8. రొయ్య హుషారుగా ఉందండి.
> 2వ చెరువు: 74వ రోజు. మేత 53 కేజీలు. ట్రేలు క్లీన్...
>
> (3, 4, 5, 6 చెరువుల వివరాలు, మందుల స్టాకు, కూలీల లెక్క)
>
> మొన్న 4వ చెరువులో రెండు మోటార్లు కాలిపోయాయి కదండి. వైండింగ్ షాపు ఆయన రెండిటికీ కలిపి 8,000 అవుతుందంటున్నారు. ముందు డబ్బులిస్తేనే మొదలుపెడతారంట. మబ్బుగా ఉంది, నీళ్లు కూడా బాగా చిక్కబడ్డాయి, డీవో తగ్గుతోందండి. వీలు చూసుకుని కాస్త చూడండి.
> రేపు మేత లోడు వస్తుంది. ఉంటానండి.

ఫోన్‌లో లెక్కపెడితే మోటార్ల మాట మొదలయ్యేది ముప్పై ఒకటో లైనులో. అంత పెద్ద మెసేజ్ గ్రూపులో పూర్తిగా కనిపించదు, మధ్యలో ఆగిపోయి `Read more` అని వస్తుంది. యజమానికి కనిపించింది ఒకటో చెరువు, రెండో చెరువు, "రొయ్య హుషారుగా ఉందండి". ఆయన బొటనవేలు గుర్తు పెట్టారు.

ఆ బొటనవేలికి ఇద్దరి దగ్గరా రెండు అర్థాలు. యజమాని దృష్టిలో అది "రిపోర్టు అందింది". సూపర్‌వైజర్‌కి అది "సరే, డబ్బులు పంపిస్తాను". అతను షాపు ఆయనకి ఫోన్ చేసి "ఓనరు గారు ఓకే అన్నారు, రేపు పంపిస్తారు" అని కూడా చెప్పాడు. మర్నాటి రిపోర్టు చివర "నిన్న చెప్పిన మోటార్ల విషయం గుర్తు చేస్తున్నానండి" అని రాశాడు. దానికీ బొటనవేలే వచ్చింది.

ఆ తర్వాతి తెల్లవారుజామున డీవో 2.4. రొయ్య పైకి తేలి గట్ల వెంట చేరింది. అతను మేత ఆపేసి, పక్క చెరువు నుంచి ఒక ఏరేటరు లాక్కొచ్చి వేశాడు. చేతనైనదంతా చేశాడు. అయినా ఆ రోజూ మర్నాడూ కలిపి దాదాపు 350 కేజీల చచ్చిన రొయ్య తీశాం.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఆ రెండు రిపోర్టులూ నాకూ వచ్చాయి. నేనూ చివరిదాకా చదవలేదు. మొదటి రోజు వేరే ఊళ్లో జబ్బు పడ్డ చెరువు గట్టు మీద ఉన్నాను. మొదటి నాలుగు లైన్లు చూసి "ఇక్కడ బాగానే ఉంది" అనుకుని ఫోన్ జేబులో పెట్టాను. నాలుగో చెరువు మూడు రోజుల రీడింగులు చూసి ఉంటే సగం చూపులోనే నాకు అర్థమయ్యేది. ఈ కేసు రాయడానికి ముఖ్య కారణం ఇదే. ఇది పట్టించుకోని యజమాని కథ కాదు. పట్టించుకునే ఇద్దరు మనుషులు ఒకే మెసేజ్‌ని ఒకే చోట వదిలేశారు.

వారం తర్వాత ముగ్గురం షెడ్డులో కూర్చున్నాం. యజమాని బాధతోనే అడిగారు: "ఎనిమిది వేలకి నేను లెక్క చూస్తానా అబ్బాయ్? ఒక్క మాట అడగలేదేం?" సూపర్‌వైజర్ ఏమీ మాట్లాడకుండా ఫోన్ తీసి, మెసేజ్ తెరిచి, ఆయన చేతికిచ్చాడు. ఆయన వేలితో పైకి జరుపుతూ చదివారు. చాలాసేపు జరిపారు. తర్వాత ఫోన్ తిరిగి ఇచ్చేసి నా వైపు చూశారు.

ముందు ప్రయత్నించినవి, ఎందుకు పనిచేయలేదో

నా మొదటి సలహా తప్పు. "రిపోర్టు చిన్నది చెయ్ తమ్ముడూ" అన్నాను. పెద్ద మెసేజ్ ఎవరూ చదవరు కాబట్టి చిన్నదైతే చదువుతారనేది నా లెక్క. అతను పీహెచ్, డీవో రీడింగులు తీసేసి చెరువుకి ఒక లైను చొప్పున రాశాడు. నాలుగు రోజుల్లోనే తేడా తెలిసింది. యజమానికి ఏ నష్టమూ లేదు, నాకు మాత్రం కళ్లు పోయినట్టయింది. రీడింగు ఒక్కరోజుది చూస్తే ఏమీ తెలియదు, వరస చూస్తేనే తెలుస్తుంది. ఆ వరసే పోయింది. ఇంకా ముఖ్యమైన విషయం, అడగాల్సింది అప్పటికీ చివర్లోనే ఉంది. పన్నెండు లైన్ల మెసేజ్‌లో పన్నెండో లైను కూడా చివరి లైనే. జబ్బు పొడుగులో లేదని, చోటులో ఉందని నాకు అప్పుడు అర్థమైంది.

రెండోది యజమాని ఆలోచన. "ముఖ్యమైనది ఉంటే పైన అర్జెంట్ అని పెట్టు" అన్నారు. మొదటి వారం బాగా పనిచేసింది. రెండో వారానికి సున్నం బస్తాలు అర్జెంట్, కూలీల అడ్వాన్సు అర్జెంట్, తెగిపోయిన వల అర్జెంట్. కుర్రాణ్ణి తప్పుపట్టలేం. ఒకసారి దెబ్బతిన్నవాడికి అన్నీ అర్జెంటుగానే కనిపిస్తాయి. పైగా ఆ మాటలో విషయం లేదు. ఏం కావాలో, ఎప్పటికో అది చెప్పదు. కంగారు ఒక్కటే పంపిస్తుంది. అది చూసిన యజమాని టెన్షన్‌తో మెసేజ్ తెరిచి, మళ్లీ ఒకటో చెరువు దగ్గర మొదలుపెట్టి, విషయం ఎక్కడుందో వెతుక్కునేవారు. మూడో వారానికి ఆ మాట చూడటం మానేశారు.

మూడోది ఫోన్ చేయడం. నిజంగా ప్రాణం మీదికొచ్చినప్పుడు ఫోనే చేయాలి, అందులో అనుమానం లేదు. రొయ్య తేలుతుంటే మెసేజ్ రాస్తూ కూర్చోకూడదు. కానీ రోజూ వచ్చే చిన్న నిర్ణయాలకి ఫోన్ నిలబడలేదు. మిల్లు చప్పుడులో ఆయన "సరే చూద్దాం" అనేవారు. సాయంత్రానికి ఏం సరే అన్నారో ఇద్దరికీ గుర్తుండేది కాదు.

నాలుగోసారి సరైన దారిలో పడ్డాం గానీ సగమే. అడగాల్సింది మొదట రాయమన్నాను. అతను రాసింది ఇది:

> నమస్కారమండి. మీరు బిజీగా ఉంటారని తెలుసు, ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి. 3వ చెరువు విషయం కాస్త చూడాలండి.

విషయం పైకే వచ్చింది. కానీ ఇది అడగడం కాదు. "కాస్త చూడాలి" అంటే డబ్బు పంపాలా, వచ్చి చూడాలా, ఫోన్ చేయాలా? ఎప్పటిలోగా? యజమాని తిరిగి "ఏంటి?" అని రాశారు. సూపర్‌వైజర్ గంట తర్వాత చూసుకుని జవాబిచ్చాడు. ఆయన ఆ జవాబు రాత్రికి చూశారు. ఒక రోజు అలా పోయింది.

అసలు అడ్డం ఎక్కడుంది

నేను రెండు నెలల రిపోర్టులు మళ్లీ మొదటి నుంచి చదివాను. రెండు సంగతులు కనిపించాయి.

మొదటిది, అతను నడిచిన వరసలో రాస్తున్నాడు. పొద్దున్న ఒకటో చెరువు గట్టుతో మొదలై ఆరో చెరువు దాకా వెళ్తాడు, ఆ తర్వాత స్టాకు గది, ఆ తర్వాత కూలీలు. మెసేజ్ కూడా అలాగే నడుస్తుంది. మోటార్ల కోసం ఎనిమిది వేలు అడగాలన్న నిర్ణయం అన్నీ రాసుకుంటూ వెళ్తే చివర్లో అతని మనసులో తేలుతుంది. అందుకే అది చివర్లో ఉంటోంది. అతను దాచిపెట్టలేదు, రాస్తూ రాస్తూ అక్కడికి చేరాడు. చదివేవాళ్లకి ఆ నడక అక్కర్లేదు, చేరిన చోటు కావాలి.

రెండోది మర్యాద. దీని గురించి అతనితో మాట్లాడటానికే ఎక్కువ సమయం పట్టింది. "సార్, నమస్కారం పెట్టగానే డబ్బులు అడిగితే ఆయన ఏమనుకుంటారు? ముందు నేను పని చేస్తున్నానని కనిపించాలి కదా" అన్నాడు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. మన ఉత్తరాలన్నీ ఇలాగే సాగేవి. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను, ఉభయ కుశలోపరి, వ్రాయునది ఏమనగా అని వచ్చాకే అసలు సంగతి. పెద్దవాళ్ల ముందు చేయి చాచే ముందు నాలుగు మంచి మాటలు చెప్పడం మనకి చిన్నప్పటి నుంచి అలవాటు.

అతనికి నేను టెలిగ్రాం గుర్తు చేశాను. బీఎస్ఎన్ఎల్ ఆ సర్వీసు 2013 జులైలో ఆపేసింది కాబట్టి అతను చూసి ఉండడు గానీ, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర విని ఉంటాడు. "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ." మాటకి ఇంత అని డబ్బు కట్టాలి కాబట్టి కుశల ప్రశ్నలకి చోటు లేదు. ఏం జరిగింది, నువ్వు ఏం చేయాలి, అంతే. ఉభయ కుశలోపరి అని ఉత్తరాలు రాసిన ఇళ్ల వాళ్లే ఆ టెలిగ్రాంలూ ఇచ్చారు. దాన్ని ఎవరూ అమర్యాద అనుకోలేదు. ఏది ఉత్తరమో ఏది టెలిగ్రామో వాళ్లకి తెలుసు. "నీ రిపోర్టులో రెండూ ఉన్నాయి తమ్ముడూ. టెలిగ్రాం పైన పెట్టు, ఉత్తరం కింద పెట్టు. ఉత్తరంలో ఒక్క మాట కూడా తీసేయొద్దు" అన్నాను. అప్పుడు ఒప్పుకున్నాడు. తను పడ్డ కష్టం చెరిగిపోదన్న భరోసా దొరికాకే ఒప్పుకున్నాడని నా అభిప్రాయం.

పనిచేసింది

రిపోర్టు ఎప్పటిలాగే రాయమన్నాను. నడిచిన వరసలోనే, పూర్తిగా. పంపే ముందు ఒకే పని అదనం: యజమాని ఏదైనా చేయాల్సి ఉంటే, ఆ ముక్క చివర్నుంచి కట్ చేసి తెచ్చి నమస్కారం పక్కన పెట్టాలి. ముందే పైన రాయమని ఎందుకు చెప్పలేదంటే, రాయడం మొదలుపెట్టేటప్పటికి ఏం అడగాలో అతనికి తెలియదు. రాయడం వల్లే తెలుస్తోంది. ఆ ఆలోచన క్రమాన్ని చెడగొడితే అడిగేదే తప్పు అవుతుంది.

పైకి తెచ్చిన ముక్కలో ఏం ఉండాలో మూడు లైన్లుగా తేల్చుకున్నాం. ఏం కావాలి, ఎంత, ఎప్పటిలోగా అనేది మొదటి లైను. ఎందుకు అనేది రెండో లైను, ఒక అంకెతో. మాట రాకపోతే నేను ఏం చేస్తాను అనేది మూడో లైను. పాత మోటార్ల మెసేజ్‌నే మళ్లీ రాయించాను:

> నమస్కారమండి. ఈ రాత్రి 9 లోగా 8,000 పంపాలండి, 4వ చెరువు మోటార్లు రెండిటి వైండింగ్‌కి.
> డీవో మూడు రోజుల్లో 4.6 నుంచి 3.5కి పడింది, రెండు ఏరేటర్లే తిరుగుతున్నాయి.
> మీ మాట రాకపోతే రాత్రి మేత ఆపి, 5వ చెరువు నుంచి ఒక ఏరేటరు తెచ్చి వేస్తాను.
>
> రిపోర్టు:
> 1వ చెరువు: 74వ రోజు...

ఇది చదివి యజమాని అన్న మాట: "ఇది వచ్చుంటే తెరవకుండానే పంపేవాణ్ణి." ఆయన ఫోన్‌లో నోటిఫికేషన్ దగ్గర కనిపించేది ఆ మొదటి లైనే. అందుకే చెరువు పేరు కంటే, కారణం కంటే, ఆయన చేయాల్సిన పనీ గడువూ ముందుండాలని పట్టుబట్టాను.

మూడో లైను మీద నాకు మొదట సందేహం ఉండేది. "మీరు చెప్పకపోతే నేను ఇలా చేస్తాను" అనేది బెదిరింపులా ఉంటుందేమో అనుకున్నాను. దానికి ఒక హద్దు పెట్టుకున్నాం. అక్కడ రాసేది అతని అధికారంలో ఉన్న పనే అయ్యుండాలి, డబ్బు ఖర్చు కాకూడదు, వెనక్కి తీసుకోగలిగేది కావాలి. మేత ఆపడం అలాంటిది. మందు కొట్టడం అలాంటిది కాదు. ఆచరణలో ఈ లైను వల్ల ఊహించని మేలు జరిగింది. జవాబు రాకపోతే చేతులు కట్టుకుని కూర్చునే పరిస్థితి అతనికి పోయింది. యజమాని ఫంక్షన్లో ఉండి రాత్రికి చూసినా, చెరువు దగ్గర అప్పటికే ఏదో ఒకటి జరిగి ఉంటోంది.

బొటనవేలు గొడవ కూడా అదే రోజు తేల్చాం. బొటనవేలు పెడితే చూశానని మాత్రమే. నిర్ణయానికి "సరే" అనో "వద్దు" అనో అక్షరాల్లో రాయాలి. రెండు విషయాలు అడిగిన రోజు 1, 2 అని అంకెలు వేసి పైన ఉంచాలి, ఆయన "1 సరే, 2 రేపు" అని జవాబిస్తారు. మూడు దాటితే అది మెసేజ్ పని కాదు, ఆ సాయంత్రం ఫోన్లో మాట్లాడుకోవాల్సిందే.

పంపే ముందు సరిచూసుకోవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. మేత గది చూసే పెద్దాయన అక్కడే ఉంటారు. పై మూడు లైన్లు మాత్రం ఆయనకి చదివి వినిపించి "ఓనరు గారు ఇప్పుడేం చేయాలి?" అని అడగాలి. ఆయన ఠక్కున చెప్పగలిగితే పంపొచ్చు. "ఏదో మోటార్ల సంగతి" అంటే మళ్లీ రాయాలి. మొదటి పది రోజుల్లో నాలుగైదుసార్లు తిరగరాశాడు. తర్వాత ఆ అవసరం తగ్గింది.

అన్నిటికంటే బాగా పనిచేసింది మాత్రం నేను చెప్పింది కాదు, సూపర్‌వైజర్ కనిపెట్టింది. ఏమీ అడగాల్సింది లేని రోజు పైన ఏం రాయాలని అడిగాడు. ఖాళీ వదిలేయమన్నాను. అతను వదల్లేదు. "నమస్కారమండి. ఈ రోజు మీరు చేయాల్సింది ఏమీ లేదు" అని మొదటి లైనుగా రాసి కింద రిపోర్టు పెట్టాడు. నెల తిరిగేసరికి దాని విలువ తెలిసింది. వారంలో నాలుగైదు రోజులు ఆ లైనే వచ్చేది. కాబట్టి ఆ చోట వేరే మాట కనిపించిన రోజు యజమాని కన్ను అక్కడే ఆగేది. "అర్జెంట్" అనే మాట చేయలేకపోయిన పని ఇది చేసింది. అడగని రోజు అడగట్లేదని నిజాయితీగా చెప్పబట్టే అడిగిన రోజుకి బరువు వచ్చింది.

ఆ సీజన్లోనే వాయుగుండం వచ్చి మూడు రోజులు వాన పట్టింది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. యజమాని పెళ్లిలో ఉన్నారు. మొదటి లైను "6 గంటల్లోగా జనరేటర్‌కి 100 లీటర్ల డీజిల్ డబ్బులు పంపాలండి". మెసేజ్ తెరవకుండానే, నోటిఫికేషన్ నుంచే "సరే, బంకులో చెప్తున్నా" అని జవాబు వచ్చింది. ఏడు నిమిషాలు పట్టింది. ఆ రాత్రి కరెంటు పోయింది కూడా. చెరువులకి ఏమీ కాలేదు.

తిరగబడిన సందర్భం

ఇదే పద్ధతి ఒకసారి మమ్మల్ని దెబ్బకొట్టింది. అయిదో చెరువులో రొయ్య ఎదుగుదల ఆగిపోయింది. మేత తింటోంది, బరువు పెరగట్లేదు. ఇంకా పెంచితే మేత ఖర్చే మిగులుతుంది, ముందే పట్టుబడి చేసి రొయ్య అమ్మేస్తే మంచిదని నేనూ సూపర్‌వైజరూ అనుకున్నాం. అతను అలవాటు ప్రకారం మొదటి లైనులో రాశాడు: "5వ చెరువు ఈ వారం పట్టేయడానికి ఒప్పుకోవాలండి." నిమిషంలో జవాబు: "వద్దు."

మోటార్లకి డబ్బు ఇవ్వడంలో యజమానికి అభ్యంతరం లేదు, సంగతి తెలిస్తే చాలు. ముందే పట్టుబడి అంటే ఆయన వేసుకున్న లెక్కలన్నీ మార్చుకోవాలి. చిన్న సైజు రొయ్యకి రేటు తక్కువ. అడిగినది మొదటి లైనులో, కారణం నోటిఫికేషన్‌లో కనిపించని రెండో లైనులో ఉంటే, ఆయన కారణం దాకా రానే రారు. త్వరగా చదివే వీలు ఇచ్చామంటే త్వరగా కాదనే వీలు కూడా ఇచ్చినట్టే. ఒకసారి "వద్దు" అని రాశాక మనిషి వెనక్కి రావడం కష్టం.

రెండు రోజులు ఆగి మళ్లీ రాయించాను. ఈసారి కారణాన్ని రెండో లైనుకి వదల్లేదు, మొదటి లైనులోనే అడిగేదాని ముందు కూర్చోబెట్టాం: "5వ చెరువులో పది రోజుల్లో 430 కేజీల మేత పోయింది, రొయ్య అరగ్రాము కూడా పెరగలేదు. పట్టుబడి గురించి రేపు ఉదయం పది నిమిషాలు మాట్లాడాలండి." నిర్ణయం అడగలేదు, మాట్లాడటానికి టైము అడిగాం. కాదనడానికి అందులో ఏమీ లేదు. మర్నాడు మాట్లాడుకున్నారు, నాలుగో రోజు పట్టారు.

నేర్చుకున్నవి

అప్పటి నుంచి నేను కొత్త చెరువుకి వెళ్లినప్పుడు నీటి పరీక్షతో పాటు గ్రూపులో పాత మెసేజ్‌లు కూడా చూస్తున్నాను. అడిగిన మాట ఎన్నో లైనులో ఉందో, దానికి జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూస్తే ఆ చెరువు ఎక్కడ దెబ్బతింటుందో కొంత తెలుస్తుంది. ఈ కేసులో రెండు నెలల్లో అతను అడిగినవి 19. అందులో అనుకోకుండా మొదటి లైన్లలో పడినవి రెండే. ఆ రెండిటికీ గంటలోపు జవాబు వచ్చింది. సాక్ష్యం మా చేతిలోనే ఉన్నా అప్పటిదాకా ఎవరం చూడలేదు.

సలహా ఇచ్చేటప్పుడు "చిన్నగా రాయి" అనడం మానేశాను. రీడింగులు రాసేవాణ్ణి రీడింగులు తగ్గించమంటే నష్టపోయేది చెరువే. పొడుగు ఎంతైనా ఉండనివ్వు, పై మూడు లైన్లు మాత్రం నాకివ్వు అంటున్నాను.

చదివేవాళ్ల వైపు కూడా ఒక పని ఉంది. మొదటి లైనులో డబ్బులు అడిగినందుకు యజమాని ఒక్కసారి ముఖం చిట్లిస్తే, మర్నాటి నుంచి ఆ మాట మళ్లీ ముప్పై ఒకటో లైనుకి వెళ్లిపోతుంది. ఈ కేసులో ఆయన మొదటి వారమే గ్రూపులో "ఇలాగే రాయి, ఇదే నాకు సుఖం" అని పెట్టారు. ఆ ఒక్క లైను లేకపోతే నేను ఎన్ని టెలిగ్రాం కథలు చెప్పినా ఆ కుర్రాడు పాత దారిలోకే వెళ్లేవాడని నాకు గట్టి నమ్మకం.

తేలని విషయం ఒకటి ఉంది. ఇద్దరు భాగస్వాములున్న చెరువుల్లో ఈ పద్ధతి ఇంత బాగా నడవట్లేదు. మొదటి లైను ఇద్దరూ చదువుతారు, రెండోవాడు చూసుకుంటాడులే అని ఇద్దరూ ఊరుకుంటారు. ప్రస్తుతానికి ఒక చెరువులో మొదటి లైను పేరుతో మొదలుపెట్టిస్తున్నాం: డబ్బు విషయమైతే పెద్దాయన పేరు, మేత విషయమైతే తమ్ముడిగారి పేరు. మొదలుపెట్టి ఇరవై రోజులైంది. ఇప్పటివరకు ఒకసారి తప్ప అన్నిసార్లూ అదే రోజు జవాబు వచ్చింది. ఆ ఒక్కసారి పేరు రాయడం మర్చిపోయారు.